‘ఏ షిఫ్టుకైనా రెడీ’ అన్న వరుసను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న:

కస్టమర్ సపోర్ట్‌లో మూడేళ్లు కాల్స్ తీసుకున్నాను. నాలుగు నెలల క్రితం నన్ను రిక్రూట్‌మెంట్‌కి మార్చారు. ఫ్రెషర్ల రెజ్యుమెలు చూసి ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చడం నా పని. మా పోస్టింగ్‌లో ముఖ్యంగా మూడు మాటలుంటాయి: ‘ఇంగ్లిష్ ఇన్‌బౌండ్ వాయిస్ ప్రాసెస్, కమ్యూనికేషన్ చాలా బాగుండాలి. రొటేషనల్ షిఫ్టులు, నైట్ కూడా. సీఆర్ఎం టూల్స్ తెలిసినవారికి ప్రాధాన్యం.’

నేను ఎంచినవాళ్లలో మొదటి బ్యాచ్‌లో 12 మంది చేరారు. రెండు నెలలు తిరక్కుండానే ఐదుగురు వెళ్లిపోయారు. ఇద్దరు ట్రైనింగ్‌లోనే, కస్టమర్ చెప్పేది అర్థం కాక. ముగ్గురు నైట్ షిఫ్ట్ మొదలైన వారంలో. మా మేనేజర్ అందరి ముందూ ‘నీకసలు రెజ్యుమె చదవడం వచ్చా?’ అన్నారు. అప్పటినుంచి ఒక్కో రెజ్యుమె మీద అరగంట కూర్చుంటున్నాను. రాత్రిళ్లు కూడా అదే టెన్షన్.

ఇప్పుడు రెండు రెజ్యుమెలు మిగిలాయి, ఇంటర్వ్యూ స్లాట్ ఒక్కటే ఉంది. ఒకటి ఒక అమ్మాయిది. చూడముచ్చటగా ఉంది, టూల్స్ కింద జెన్‌డెస్క్, ఫ్రెష్‌డెస్క్, సేల్స్‌ఫోర్స్ అన్నీ రాసింది, నాలుగు సర్టిఫికెట్లు, ‘ఏ షిఫ్టుకైనా రెడీ’ అని కూడా ఉంది. రెండోది ఒక అబ్బాయిది. కస్టమర్ అని రాయబోయి కాస్ట్యూమర్ అని కొట్టాడు. టూల్స్ కింద ఎక్సెల్ తప్ప ఏమీ లేదు. షిఫ్టు ఊసే లేదు. కానీ రెండేళ్లు అడ్మిషన్ల సీజన్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఫోన్ డెస్క్‌లో పనిచేశాడు. నన్ను తీసుకున్నప్పుడు నా రెజ్యుమె కూడా దాదాపు ఇలాగే ఉండేది. అందుకే అతని వైపు మొగ్గుతున్నానేమో అని నామీద నాకే అనుమానం. పేర్లు కొట్టేసి రెండు కాపీలూ పంపుతున్నాను. ఎవరిని పిలవాలి?

జవాబు:

ముందు ఆ ఐదుగురి లెక్క తేల్చుకుందాం. మీ నిద్ర చెడగొడుతున్నది అదే కదా. మీరు ఐదుగురినీ ఒకే తప్పు కింద రాసుకున్నారు. నాకు అందులో రెండు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి. నైట్ మొదలవగానే వెళ్లిన ముగ్గురి విషయంలో రెజ్యుమె చదవడంలో లోపమేమీ లేదు. మొదటి నైట్ ఎప్పుడొస్తుందో, ఎన్ని వారాలకోసారి వస్తుందో, ఏ గంట నుంచి ఏ గంట దాకానో చేరకముందు వాళ్లకు ఎవరైనా చెప్పారా? ‘రొటేషనల్’ అన్న మాట మూడేళ్లు సీట్లో కూర్చున్న మీకు ఒక బొమ్మ కట్టిస్తుంది. కాలేజీ దాటి వచ్చిన పిల్లలకు అది పోస్టింగ్‌లో ఒక మాట, అంతే. మిగిలిన ఇద్దరి సంగతి మాత్రం మన పనికి సంబంధించిందే. వాళ్ల దగ్గర నుంచే మొదలుపెడతాను.

కస్టమర్ చెప్పేది అర్థం కాక వెళ్లారని రాశారు. మాట్లాడటం రాక అని రాయలేదు. మన పోస్టింగుల్లో ‘కమ్యూనికేషన్’ అని రాసి, ఇంటర్వ్యూలో మాటతీరు చూసి, చివరికి ఫ్లోర్ మీద వినడం కోసం జీతం ఇస్తాం. ఇన్‌బౌండ్ కాల్‌లో మొదటి నిమిషమంతా కస్టమర్‌దే. కోపంగా, గబగబా, విషయాన్ని మధ్యలోంచి మొదలుపెట్టి చెబుతాడు. అందులోంచి అసలు సమస్య ఏరుకోవాలి. ‘మీ గురించి చెప్పండి’ అంటే గుక్క తిప్పుకోకుండా రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పగల పిల్లలు చాలామంది ఉన్నారు. అది బట్టీ పట్టిన పాఠం. ఆ పాఠానికి మంచి మార్కులేసి చేర్చుకున్నవాళ్లు మూడో వారం డెమో కాల్స్ దగ్గర నీళ్లు నమలడం నేనూ చూశాను. మొదట్లో నేను ఎంచినవాళ్లే వాళ్లు.

వినే శక్తి రెజ్యుమెలో కనపడుతుందా? కనపడదు. మాట్లాడే ఇంగ్లిష్ కూడా కనపడదు. కాగితం మీద ఉన్నది రాసిన ఇంగ్లిష్, అది కూడా చాలాసార్లు అభ్యర్థి రాసింది కాదు, స్నేహితుడి ఫైల్లో పేరు మార్చింది. అందుకే ‘ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న వరుసకు నేను మార్కూ వేయను, కోతా పెట్టను, అది అక్కడ లేనట్టే దాటిపోతాను. నేను వెతికేది ఒక్కటే: ఈ మనిషి ఎప్పుడైనా ముక్కూమొహం తెలియనివాళ్లతో, వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాల్సిన పని చేశాడా? రిసెప్షన్, ట్యూషన్, సర్వే కోసం ఇంటింటికీ తిరగడం, కాలేజీ ఫెస్ట్‌లో ఎంక్వైరీ బల్ల, ఏదైనా సరే. ఆ పని చేసినవాళ్లు రాసే వరుసల్లో ఎదుటి మనిషి ఉంటాడు, ఎంతమందో ఉంటుంది, ఏం అడిగారో ఉంటుంది. చేయనివాళ్ల వరుసల్లో గుణాలే ఉంటాయి: కలుపుగోలుతనం, ఓర్పు, పట్టుదల.

ఈ కళ్లతో ఆ అబ్బాయి కాపీ చూడండి. ‘ఏప్రిల్–జూన్ 2023, ఏప్రిల్–జూన్ 2024. రోజుకు 50 నుంచి 60 కాల్స్. ఫీజు, బ్యాచ్ టైమింగ్స్ చెప్పడం, వివరాలు రిజిస్టర్‌లో రాయడం.’ ఆ వరుసలో మూడు సంగతులున్నాయి. రోజుకు అన్ని కాల్స్ తీసుకోవడం అంటే ఏమిటో అతని గొంతుకు తెలుసు. వింటూ రాయడం అలవాటైంది, మీ ఫ్లోర్ మీద కాల్ నోట్స్ రాయడం కూడా అదే పని. ఇక రెండో ఏడు మళ్లీ అదే చోట పనిచేశాడంటే వాళ్లు అతన్ని వద్దనుకోలేదు. రెజ్యుమెలో ఏ విశేషణమూ దీనికి సాటి రాదు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. మీ మొగ్గు మీద మీకున్న అనుమానానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆ 60 కాల్స్ ఏ భాషలో మాట్లాడాడు? తల్లిదండ్రులు ఫోన్ చేసి ఫీజు అడిగితే బహుశా ఇంట్లో మాట్లాడే భాషలోనే అడుగుతారు. మీ పోస్టింగ్ ఇంగ్లిష్ ప్రాసెస్ కోసం. అంటే ఆ వరుస అతని ఓర్పుకీ, ఫోన్ అలవాటుకీ సాక్ష్యం. ఇంగ్లిష్‌కి కాదు. అతన్ని తిన్నగా ఇంటర్వ్యూ దాటించి చేర్చుకుంటే, వెళ్లిపోయిన ఆ ఇద్దరి పక్కన మూడోవాడవుతాడేమో. ఇంగ్లిష్ గురించి ఆ అమ్మాయి కాపీలో కూడా సాక్ష్యం లేదు. ‘ఫ్లూయెంట్’ అని తను రాసుకుంది, అంతే. అంటే మీ పోస్టింగ్‌లో మొదటి షరతు దగ్గర ఇద్దరూ ఇంకా సున్నా మీదే ఉన్నారు. ఒకరు ముందున్నట్టు మీకు అనిపిస్తున్నదంతా మిగతా వరుసల వెలుగే.

ఇక షిఫ్టు. ‘ఏ షిఫ్టుకైనా రెడీ’ అన్నది కూడా అందరి ఫైళ్లలోంచి అందరి ఫైళ్లలోకి పాకే వరుస. రాసినవాళ్లకు మంచి మార్కు వేస్తే, రాయనివాళ్లకు మీకు తెలియకుండానే కోత పెట్టినట్టు. రెజ్యుమెలో షిఫ్టు గురించి నిజం చెప్పేవి తేదీలు. చదువు వరుస చూడండి: ఇంకా నడుస్తున్న కోర్సు ఏదైనా ఉందా, అది ఎప్పుడు ముగుస్తుంది? ఆ అమ్మాయి కాపీలో పైన నాలుగు సర్టిఫికెట్ల సందడిలో కింద ఒక వరుస మీ కంట పడినట్టు లేదు: ‘పీజీ, 2025–27’. ఏ షిఫ్టుకైనా రెడీ అన్న మాటా, నడుస్తున్న పీజీ ఒకే పేజీలో ఉన్నాయి. రెగ్యులర్ కాలేజీ అయితే, రాత్రంతా కాల్స్ తీసుకుని పొద్దున్నే క్లాసుకి వెళ్లాలి. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి, పరీక్షలు దగ్గరపడగానే ఉద్యోగమో చదువో తేల్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు చాలామంది చదువునే ఎంచుకుంటారు, ఆ ఎంపికలో తప్పు కూడా లేదు. దూరవిద్య అయితే మాత్రం కథ వేరు. ఏడాదికి కొన్ని రోజులు పరీక్షల సెలవు, అంతకుమించి ఇబ్బంది ఉండదు. ఈ రెండింట్లో తనది ఏదో ఆమె రాయలేదు. కాబట్టి ఆ వరుస చూసి ఆమెను పక్కన పెట్టనూ వద్దు, చూడనట్టు వదిలేయనూ వద్దు. అదొక ప్రశ్న, అడగాలి.

మీరు అడగకపోయినా ఒక మాట చెబుతాను. షిఫ్టును పేరు చూసో, ఆడా మగా చూసో, పెళ్లయిందా లేదా అని చూసో, ఇల్లు ఎంత దూరమో చూసో ఊహించకండి. ‘అమ్మాయి కదా, నైట్ చేయదులే’ అని రెజ్యుమెలు పక్కకు తోసేవాళ్లను చూశాను. అది అన్యాయం. పైగా ఆ ఊహ తప్పిందని మీకు ఎప్పటికీ తెలియదు, పిలవని మనిషి సంగతి ఎవరికి తెలుస్తుంది? షిఫ్టు ప్రశ్న అందరికీ ఒకే మాటల్లో అడగండి, వాళ్ల ఇంటి సంగతులు మీకొద్దు. మీ పోస్టింగ్ సంగతి వాళ్లకు చెప్పండి.

టూల్స్ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. మూడింటిలో దీనికే తక్కువ బరువు. మీ పోస్టింగ్‌లో కూడా ‘ప్రాధాన్యం’ అని ఉంది, ‘తప్పనిసరి’ అని లేదు. మిగతా రెండూ లేకపోతే పని జరగదు. టూల్ లేకపోతే ట్రైనింగ్‌లో నేర్పుతారు, ఎలాగూ మీ సంస్థ స్క్రీన్ మీ సంస్థ పద్ధతిలోనే ఉంటుంది. ఫ్రెషర్ రాసిన టూల్ పేరు వెనక మూడు రకాల సంగతులుండొచ్చు: వీడియో చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్, ఉచిత ట్రయల్ తెరిచి నాలుగు టికెట్లు తనే సృష్టించి ఆడుకోవడం, ఇంటర్న్‌షిప్‌లో నిజంగా వాడటం. ఇవి కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి, ఒక్క ప్రశ్నతో విడిపోతాయి. జెన్‌డెస్క్ రాసినవాళ్లను నేను ఇలా అడుగుతాను: టికెట్‌ను పెండింగ్‌లో ఎప్పుడు పెడతారు, ఆన్-హోల్డ్‌లో ఎప్పుడు పెడతారు? కస్టమర్ జవాబు కోసం మనం ఆగితే పెండింగ్. వేరే టీమో బయటి సంస్థో తేల్చాల్సి ఉంటే ఆన్-హోల్డ్. ముట్టుకున్నవాళ్లు పదాలు తడబడినా ఈ తేడా చెప్పేస్తారు. సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లు ‘రెండూ వెయిటింగే కదా’ అంటారు. అలా అన్నా పర్లేదు, ఆ నాలుగు సర్టిఫికెట్ల మెరుపును మాత్రం మీ లెక్కలోంచి తీసేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, పోస్టింగ్‌లోని మాటలు రెజ్యుమెలో ఉన్నాయా లేవా అని టిక్కులు పెట్టుకుంటూ పోవడం. ఇది త్వరగా అయిపోతుంది, మేనేజర్‌కి చూపించడానికి కాగితం కూడా ఉంటుంది. దీని ప్రకారం అమ్మాయికి మూడు టిక్కులు, అబ్బాయికి ఒక్కటీ రాదు. కానీ మీ గత బ్యాచ్ దాదాపు ఇలాగే ఎంపికై ఉంటుందని నా ఊహ. అదే దారిలో వెళ్తే అదే ఫలితం వస్తుంది, ఈసారి మీ చేతిలో టిక్కుల కాగితం ఉంటుంది, అంతే తేడా.

రెండోది, మీరిప్పుడు చేస్తున్నది: అరగంట కూర్చుని రెజ్యుమెలోంచి మనిషిని ఊహించడం. 40 రెజ్యుమెలకు 20 గంటలు. మొదటి మూడు నిమిషాల తర్వాత కాగితం కొత్తగా ఏమీ చెప్పదు, మిగతా సమయమంతా మీ మనసే మాట్లాడుతుంది. ‘నాలాగే ఉన్నాడు’ అన్న మాట వచ్చింది అక్కడి నుంచే.

మూడోది, ఇంటర్వ్యూ స్లాట్ ఇచ్చేముందు పది నిమిషాల ఫోన్ కాల్. 40 రెజ్యుమెలు మూడేసి నిమిషాల చొప్పున చూస్తే రెండు గంటలు. అందులో 15 మందికి కాల్ చేస్తే రెండున్నర గంటలు. మొత్తం నాలుగున్నర. ఇబ్బంది ఏమిటంటే, మొదటి వారం ‘రోజుకు ఎన్ని చూశావు’ అన్న లెక్కలో మీ అంకె తగ్గినట్టు కనిపించవచ్చు, కొందరు ఫోన్ ఎత్తరు, రెండుసార్లు చేయాల్సి వస్తుంది. నేను మీ కుర్చీలో ఉంటే ఈ దారే పడతాను. మీ మేనేజర్ ఇంటర్వ్యూలు ఎన్ని జరిగాయన్న అంకె ఒక్కటే చూసే మనిషైతే ముందు ఆయనతో ఒక మాట అనుకుని మొదలుపెట్టండి.

ఆ కాల్‌లో ఏం చేయాలో మీకంటే ఎవరికి బాగా తెలుసు? మూడేళ్లు అటువైపు గొంతులు విన్నారు. ‘మీ గురించి చెప్పండి’ వదిలేయండి. మీరే కస్టమర్ అవ్వండి. మామూలు వేగంతో, ఆగకుండా, ఇంగ్లిష్‌లో చెప్పండి: నా ఆర్డర్ నంబర్ బి 7 4 0 9 డి, మంగళవారం వచ్చింది, మూడు కప్పులకు రెండే ఉన్నాయి, డబ్బు వెనక్కి వద్దు, ఆ కప్పు పంపితే చాలు, శుక్రవారం తర్వాత ఊళ్లో ఉండను. తర్వాత ‘నా సమస్య ఏమిటో మీ మాటల్లో చెప్పండి’ అనండి. చూడాల్సింది వ్యాకరణం కాదు. రీఫండ్ వద్దన్నది పట్టుకున్నారా? శుక్రవారం గడువు గుర్తుందా? ఫోన్‌లో బి, డి ఒకేలా వినిపిస్తాయి, ‘బి ఫర్ బాయ్, డి ఫర్ డాగ్, సరేనా అండీ’ అని అడిగిన ఫ్రెషర్ దొరికితే పక్కన నక్షత్రం వేసుకోండి. అర్థం కానప్పుడు ‘ఇంకోసారి చెబుతారా’ అన్నా మంచి గుర్తే. అర్థం కాకపోయినా ‘ఓకే ఓకే’ అని ముందుకెళ్లేవాళ్లే ట్రైనింగ్‌లో దొరికిపోతారు. మాతృభాష యాస, అదే మనం ఎంటీఐ అనుకునేది, ఈ కాల్‌లో పట్టించుకోకండి. మీ మాట అవతల అర్థమవుతోందా, వాళ్ల మాట మీకు అర్థమవుతోందా, అంతే. మిగతాది వాయిస్ రౌండ్ వాళ్లు చూసుకుంటారు.

షిఫ్టుకి ‘నైట్ ఓకేనా?’ అని అడగకండి. దానికి అందరూ ఓకే అంటారు. అసలు రోస్టర్ చెప్పండి: ట్రైనింగ్ ఎన్ని వారాలు, మొదటి నైట్ ఎన్నో వారంలో, ఏ గంట నుంచి ఏ గంట దాకా, వారం సెలవు ఏయే రోజుల్లో పడొచ్చు. చెప్పి, ‘మొదటి నైట్ వారంలో మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి’ అనండి. అమ్మాయి పీజీ సంగతి ఇక్కడ దానంతటదే బయటికొస్తుంది. రాకపోతే మీరే సూటిగా, మర్యాదగా అడగండి. అబ్బాయిది 2024లో డిగ్రీ అయిపోయింది, ఆ తర్వాత ఏ వరుసా లేదు. ఇప్పుడేం చేస్తున్నారని అతన్నీ అడగాలి. అతను ఏదైనా పోటీ పరీక్షకు చదువుతూ ఉండొచ్చు, అది కూడా తేదీలున్న కోర్సు లాంటిదే.

కాల్స్ అయ్యాక ఫలితాలు ఇలా ఉండొచ్చు. ఆమెది దూరవిద్య అయి, కప్పుల కథ సరిగ్గా తిరిగి చెబితే, స్లాట్ ఆమెదే, అబ్బాయిలో మిమ్మల్ని మీరు చూసుకున్నా సరే. అతను ఇంగ్లిష్‌లో విని పట్టుకుని, ఆమెకు రెగ్యులర్ క్లాసులుంటే, స్లాట్ అతనిది. అతను ఓర్పుగా విన్నా ఇంగ్లిష్ అందకపోతే, స్థానిక భాష ప్రాసెస్ ఏదైనా తెరిచినప్పుడు పిలవాల్సినవాళ్ల జాబితాలో పెట్టండి. ఇద్దరూ నిలిస్తే ఇంకో స్లాట్ అడగండి, అడగడానికి అప్పుడు మీ దగ్గర కారణం ఉంటుంది. మీ మొగ్గు మీద అనుమానం పోవాలంటే కాల్ పెట్టేసిన వెంటనే, ఇంకో రెజ్యుమె తెరవకముందే, ఎందుకు అవునో ఎందుకు కాదో ఒక్క వాక్యం రాసుకోండి. అందులో కాల్‌లో విన్న సంగతి లేకపోతే ఆ నిర్ణయం పక్కన పెట్టి మర్నాడు చూడండి.

మేనేజర్ విషయంలో మీరు ఊరుకోవచ్చు, వచ్చే బ్యాచ్ అంకెలే మాట్లాడతాయి. కాకపోతే అందుకు రెండు మూడు నెలలు పడుతుంది, అందాకా ఆ మాట మీ చెవిలో మోగుతూనే ఉంటుంది. లేదా ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఐదుగురి లెక్క విడదీసి చూపించవచ్చు: ఇద్దరిది వినడం, ముగ్గురిది రోస్టర్. మొదటిది నేను సరిచేస్తున్నాను, రెండోదానికి పోస్టింగ్‌లో నైట్ వేళలు స్పష్టంగా రాద్దాం అని. అలా రాస్తే దరఖాస్తులు తగ్గుతాయి, దాన్ని ఆయన ఇష్టపడకపోవచ్చు. పోస్టింగ్ మార్చడానికి ఒప్పుకోకపోయినా రోస్టర్‌ను ఫోన్‌లో చెప్పడం మీ చేతిలోనే ఉంది. అందరి ముందూ అన్న మాట గురించి కూడా అప్పుడే చెప్పాలనిపిస్తే చెప్పండి, కానీ లెక్క చూపించాక చెప్పండి, ముందు చెబితే లెక్క వినరు.

కాస్ట్యూమర్ సంగతి మిగిలింది. ఇదే చాట్ ప్రాసెస్ అయితే ఆ ఒక్క తప్పుకే నేను ఆగి ఆలోచించేవాణ్ణి, అక్కడ కస్టమర్ చూసేది రాతే. వాయిస్‌లో కూడా కాల్ తర్వాత నోట్స్ రాయాలి, తర్వాతి ఏజెంట్ వాటినే చదువుతాడు కాబట్టి పూర్తిగా వదిలేయలేం. కాల్ చివర ఇద్దరినీ అదే కప్పుల ఫిర్యాదును మూడు వాక్యాల్లో మెయిల్ చేయమనండి, పది నిమిషాల్లో. స్పెల్లింగ్ ఒకటి పోయినా ఆర్డర్ నంబర్, కావలసింది ఏమిటో, శుక్రవారం, ఈ మూడూ ఉంటే ఆ నోట్ పనికొస్తుంది.